ట్రేడ్‌మార్క్ ఎగ్జామినేషన్ రిపోర్టులో సెక్షన్ 9, సెక్షన్ 11 రెండూ వేశారు, జవాబుకి ఇంకా 18 రోజులే ఉంది

గోదారి_సబ్బులు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. సున్నిపిండి, సబ్బులు, తలనూనె చేసి అమ్ముతాం. అసలు పేరు ఇక్కడ పెట్టడం ఇష్టం లేదు కాబట్టి మా బ్రాండ్ "నలుగు నేచురల్స్" అనుకోండి. అసలు పేరూ ఇంచుమించు ఈ బాపతే.

ఆకు బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఉన్న లోగోని ట్రేడ్‌మార్కు కోసం క్లాస్ 3లో, అంటే సబ్బులు, సౌందర్య సాధనాల తరగతిలో వేశాం. వ్యక్తిగత దరఖాస్తు కాబట్టి ఫీజు 4,500. 2021 అక్టోబరు నుంచి అమ్ముతున్నా, ఫారం నింపిన ఏజెంటు వాడకం దగ్గర `Proposed to be used`, అంటే ఇకముందు వాడబోతున్నామని పెట్టేశారు. నేనూ చూసుకోలేదు.

ఇప్పుడు స్టేటస్ `Objected`. రిపోర్టులో రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది సెక్షన్ 9, అంటే మా పేరు సరుకునే వర్ణిస్తోందట. రెండోది సెక్షన్ 11: ఇంతకుముందే ఉన్న "నలంగు" అనే మార్కుకి దగ్గరగా ఉందట. మెయిల్ వచ్చి 12 రోజులైంది. ఏజెంటు ఈరోజు పంపిన జవాబు డ్రాఫ్టులో ముఖ్యమైన రెండు పేరాలు ఇవి:

"నలుగు అనే పదం మా క్లయింటు సొంతంగా ఎంచుకున్నది. వినియోగదారులు దాన్ని ఒక్క మా క్లయింటుతోనే జోడించి చూస్తారు. కాబట్టి సెక్షన్ 9 వర్తించదు."

"నలుగు, నలంగు అనేవి దక్షిణాదిలో ఇంటింటా వాడే మాటలు. వాటి మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదు. పైగా రెండు మార్కులూ చూడటానికీ వినడానికీ పూర్తిగా వేరు. కాబట్టి సెక్షన్ 11 వర్తించదు."

ఇది పంపమంటారా? ఆ `Proposed to be used` సంగతి ఏం చేయాలి?

మార్కెట్_మూర్తి · సోమవారం రాత్రి 10:15

కంగారు పడకండి మేడమ్. ముందు వాడినవాళ్లదే పేరు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు తేల్చిన మాటే ఇది. రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, అంతకంటే ముందు నుంచి వాడుతున్నవాళ్లదే పైచేయి. మీరు 2021 నుంచి అమ్ముతున్నారు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ మీద, జీఎస్టీ మీద ఇదే పేరు ఉంటే ఇంకా గట్టి. ఆ రెండు కాగితాలు జతచేసి "మేము ముందు నుంచి వాడుతున్నాం" అని రాసేయండి, సరిపోతుంది.

చెన్నై_దారి · సోమవారం రాత్రి 11:02

మూర్తిగారు చెప్పిన కేసు నిజమే, సూత్రమూ నిజమే. ఇక్కడికి అతకదు.

ముందు వాడకం పనికొచ్చేది ఇద్దరి మధ్య తగాదాలో. సెక్షన్ 9లో అవతల మనిషే లేడు. అక్కడ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ అడుగుతున్నది ఒక్కటే: ఒళ్లు రుద్దుకునే పిండి అమ్మేవాళ్లు "నలుగు" అంటే అది సరుకు పేరు అవుతుందా, దుకాణం పేరు అవుతుందా? మీరు 2021 నుంచి అమ్మినా 2001 నుంచి అమ్మినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. వాడకంతో దాన్ని దాటే దారి ఒకటుంది. దరఖాస్తు వేసిన తేదీ నాటికే జనం ఆ మాట వినగానే మీ సరుకే గుర్తు తెచ్చుకునే స్థాయికి అది చేరిందని చూపించాలి. మామూలు వాడుక మాట విషయంలో రెండు మూడేళ్ల చిన్న అమ్మకాలతో అది నిలబడటం కష్టం.

ఉద్యమ్ పేరు మీద హక్కునివ్వదు. సంస్థలు దరఖాస్తు వేసేటప్పుడు 9,000 కట్టకుండా 4,500తో సరిపెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే. జీఎస్టీ సర్టిఫికెట్టూ పేరుకి రక్షణ కాదు.

ఇక సెక్షన్ 11. అక్కడ ముందు వాడకం మాట ఎత్తాలంటే ఆ "నలంగు" వాళ్లు ఎప్పటి నుంచి వాడుతున్నారో తెలియాలి. వాళ్లు మీకంటే పాతవాళ్లైతే ఆ వాదన తిరిగి మీకే తగులుతుంది. మీరు ఇంకా ఆ మార్కు పేజీ చూడలేదనుకుంటాను.

ఇప్పుడు డ్రాఫ్టు. దయచేసి ఇది పంపకండి. రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి పేరాలో "నలుగు" మీ ఒక్కరి గుర్తు. రెండో పేరాలో అదే మాట ఇంటింటి మాట, ఎవరిదీ కాదు. సెక్షన్ 11 నుంచి బయటపడటానికి రాసిన వాక్యంతో సెక్షన్ 9 అభ్యంతరాన్ని మీ చేత్తోనే ఒప్పుకున్నారు. ఎగ్జామినర్ ఆ ఒక్క వాక్యం ఎత్తి చూపిస్తే చాలు.

అంతకంటే పెద్ద నష్టం తర్వాత ఉంటుంది. మీ జవాబు దరఖాస్తు పేజీలో ఉండిపోతుంది, నంబరు తెలిసిన ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. రేపు ఎవరో "నలుగా నేచర్" అని పెట్టి మీ గిరాకీ లాక్కుంటే మీరు కోర్టుకెళ్లి "పేర్లు ఒకేలా ఉన్నాయి" అంటారు. అవతలి లాయరు ఈ కాగితమే తీస్తాడు: "నలుగుకీ నలంగుకీ పోలికే లేదన్నారు, ఇప్పుడు నలుగాతో పోలిక ఎలా వచ్చింది?" ఇది ఊహ కాదు. ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2023 జనవరిలో రామన్ క్వాత్రా, కేఈఐ ఇండస్ట్రీస్ కేసులో ఇదే పట్టుకుంది. రిజిస్ట్రీ ముందు పోలిక లేదని చెప్పి రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నవాళ్లు, కోర్టులో పోలిక ఉందని మాట మార్చడం కుదరదంది.

రేపు చేయాల్సింది ఒక్కటే. `ipindia.gov.in`లో ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ స్టేటస్ తెరిచి, రిపోర్టులో ఇచ్చిన ఆ పాత మార్కు నంబరు కొట్టి నాలుగు విషయాలు ఇక్కడ పెట్టండి. స్టేటస్ ఏమిటి, ఏ సరుకులకి తీసుకున్నారు, ఎప్పటి నుంచి వాడుతున్నామన్నారు, అది ఉత్త అక్షరాలా లేక బొమ్మా.

ఓరుగల్లు_హెర్బల్ · మంగళవారం ఉదయం 7:20

అన్నా, నాది గూడ ఇసొంటిదే. ఇన్‌స్టాల ఒకామె మా లోగో మక్కికి మక్కి దింపింది, డబ్బా రంగు గూడ అదే. మాది గూడ `Objected`లనే ఉన్నది. ఇన్‌స్టాకు రిపోర్ట్ కొడితే రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతున్నది. గిప్పుడు నేనేం చెయ్యాలె?

చెన్నై_దారి · మంగళవారం ఉదయం 8:05

ఓరుగల్లుగారూ, మీది వేరే సమస్య. ఇక్కడ రిజిస్ట్రీతో వ్యవహారం నడుస్తోంది, మీది కాపీ చేసిన మనిషితో. అయినా చిన్నగా చెప్తాను. ఇన్‌స్టాగ్రామ్ ట్రేడ్‌మార్క్ ఫారం నంబరు అడుగుతుంది, దరఖాస్తు దశలో దాంతో పని జరగడం కష్టం. కానీ లోగో బొమ్మ మీద కాపీరైట్ ఉంటుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాపీరైట్ ఫారం వేరే ఉంది, అక్కడ మీ పాత పోస్టు లింకు, ఆమె పోస్టు లింకు ఇవ్వండి.

ఒక్క మెలిక. లోగో ఎవరు గీశారు? డబ్బిచ్చి బయట డిజైనరుతో గీయించుకుంటే, హక్కు మీకు రాసిచ్చినట్టు సంతకం చేసిన కాగితం ఉండాలి. డబ్బు కట్టిన రసీదు ఒక్కటే దానికి సరిపోదు. కాన్వాలో రెడీమేడ్ బొమ్మతో చేసుకుంటే ఆ బొమ్మ మీది కానే కాదు. దాన్ని ట్రేడ్‌మార్కుగా వాడటానికి వాళ్ల షరతులే ఒప్పుకోవు.

ఇంకోటి, ఈలోపు డబ్బా మీద ® వేయకండి. రిజిస్ట్రేషన్ రాకుండా అది వేస్తే సెక్షన్ 107 కింద తప్పు. ™ వేసుకోవచ్చు.

ఓరుగల్లు_హెర్బల్ · మంగళవారం ఉదయం 8:31

లోగో మా తమ్ముడే గీసిండు. కాగితం రాయించుకుంట. సంతోషం అన్నా.

గోదారి_సబ్బులు · మంగళవారం మధ్యాహ్నం 1:50

చూశానండీ. ఆ "నలంగు" మార్కు స్టేటస్ `Registered`. తమిళనాడువాళ్లది. క్లాస్ 3లో స్నానపు పొడి ఒక్కదానికే తీసుకున్నారు. 2015 నుంచి వాడుతున్నామని ఉంది. ఉత్త మాట కాదు, ఇత్తడి గిన్నె బొమ్మతో కలిపిన లోగో. రెన్యూవల్ గడువు ఇంకా ఉంది.

మా దరఖాస్తులో సరుకులు: సబ్బులు, సున్నిపిండి, తలనూనె, ఫేస్ ప్యాక్.

తమిళంలో నలంగు మావు అంటే మన సున్నిపిండేనని ఇప్పుడే తెలిసింది. అంటే వాళ్లు పాతవాళ్లు, సరుకూ ఒకటే. నా పని అయిపోయినట్టేనా?

చెన్నై_దారి · మంగళవారం రాత్రి 9:15

అయిపోలేదు. కానీ దారి మారింది.

ముందు వాడకం వాదన పోయింది, 2015 ముందు 2021 నిలవదు. వాళ్ల మార్కు బతికే ఉంది. రెన్యూవల్ చేయక `Removed` అయి ఉంటే ఆ ఒక్క మాటతో సెక్షన్ 11 తీసేయించేవాళ్లం. ఆ అదృష్టం లేదు.

మీ చేతిలో ఉన్నవి రెండు విషయాలు. వాళ్లది బొమ్మతో కలిసిన మార్కు. బొమ్మా మాటా కలిపి తీసుకున్నంత మాత్రాన అందులోని ఒక్క మాట మీద విడిగా హక్కు వచ్చేయదని సెక్షన్ 17 చెప్తుంది. రెండోది, వాళ్లు తీసుకున్నది స్నానపు పొడికి మాత్రమే. మీకు తలనూనె, సబ్బు కూడా ఉన్నాయి.

వీటితో రాయదగిన నిజాయితీ జవాబు ఇలా ఉంటుంది. మీ మార్కుని మొత్తంగా చూడమని అడగండి: ఆకు బొమ్మ, అమరిక, అక్షరాల తీరు అన్నీ కలిపి. "నలుగు" అనే ఒక్క మాట మీద ప్రత్యేక హక్కు కోరడం లేదని మీరే రాసివ్వండి. దాంతో సెక్షన్ 9 బరువు తగ్గుతుంది. సెక్షన్ 11కి "అసలు పోలికే లేదు" అనకండి. రెండు మార్కుల్లోనూ ఉన్న ఉమ్మడి భాగం సరుకుని వర్ణించే మాట, మిగిలిన భాగాలు వేరు, కొనేవాళ్లు ఆ మిగిలిన భాగాలతోనే తేడా పట్టుకుంటారు అని రాయండి. ఇప్పుడు రెండు పేరాలూ ఒకే మాట చెప్తున్నాయి, ఒకదాన్నొకటి కొట్టుకోవడం లేదు.

కావాలంటే టీఎం-ఎం ఫారంతో, 900 రూపాయల ఫీజుతో సున్నిపిండిని మీ సరుకుల జాబితాలోంచి తీసేయవచ్చు. అప్పుడు నేరుగా ఢీకొనేది తగ్గుతుంది. సబ్బూ స్నానపు పొడీ ఒకే కొట్లో ఒకే అరలో ఉంటాయి కాబట్టి పూర్తిగా పోదు. ఆ తమిళనాడువాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే సెక్షన్ 11(4) కింద రిజిస్ట్రీ అనుమతించవచ్చు. అడిగి చూడొచ్చు. కానీ అడిగితే మీరున్నారని వాళ్లకి తెలుస్తుంది. అది మీరు ఆలోచించుకోవాలి.

ఇంత చేసి గెలిస్తే చేతికొచ్చేదేమిటో కూడా చూడండి. ఆ ఆకు బొమ్మ, ఆ అమరిక మీవవుతాయి. "నలుగు" అనే మాట కాదు. ఎవరైనా వేరే బొమ్మతో నలుగు సబ్బు అమ్మితే ఆపలేరు. పెరుగుతున్న బ్రాండుకి అది బలహీనమైన కాగితం.

మార్కెట్_మూర్తి · మంగళవారం రాత్రి 9:50

అయితే పేరు మార్చేయమంటారా? మూడేళ్లు కష్టపడి జనంలోకి తెచ్చిన పేరు. నాకైతే మింగుడుపడటం లేదు. క్లాస్ 35లో వేస్తే? దుకాణం పేరుగా తీసుకోవచ్చుగా?

చెన్నై_దారి · మంగళవారం రాత్రి 10:20

క్లాస్ 35 అమ్మే సేవకి. సరుకు మీద వేసే పేరుకి అడ్డు అక్కడ తగిలితే ఇక్కడా తగులుతుంది, సౌందర్య సాధనాలు అమ్మే దుకాణానికి నలుగు అన్నా వర్ణనే. ఇంకో 4,500 ఖర్చు, అదే రిపోర్టు మళ్లీ వస్తుంది.

పేరు పారేయమని నేననడం లేదు. దాని చోటు మార్చమంటున్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కొత్త బ్రాండ్ పేరు, దాని కింద "నలుగు పిండి" అని సరుకు పేరు. సరుకుని నిజాయితీగా వర్ణించడానికి మాట వాడుకుంటే రిజిస్టర్డ్ మార్కు ఉన్నవాళ్లు కూడా ఆపలేరు, సెక్షన్ 30, సెక్షన్ 35 ఆ వెసులుబాటు ఇస్తాయి. పాత కస్టమర్లకి తెలిసిన మాట డబ్బా మీదే ఉంటుంది, కాపలా కాసేది మాత్రం కొత్త పేరు.

కొత్త పేరు సరుకుకి సంబంధం లేనిదై ఉండాలి. ఉదాహరణకి "కొలనుగట్టు" అనుకోండి. సబ్బు గురించి అది ఏమీ చెప్పదు, అదే దాని బలం. "పసుపుమెరుపు" అన్నారనుకోండి, మళ్లీ సెక్షన్ 9 గుమ్మంలోకొస్తారు. దేవుళ్ల పేర్లు, పురాణాల పేర్ల జోలికీ వెళ్లకండి. రామాయణం పేరు మీద ఒక్కరికే హక్కు ఇవ్వడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

వేసేముందు వెతికే దగ్గరే మనవాళ్లు తప్పు చేస్తారు. పబ్లిక్ సెర్చ్‌లో ఒక స్పెల్లింగు కొట్టి "ఏమీ రాలేదు" అనుకుంటారు. తెలుగు మాటకి ఇంగ్లీషులో ఒక స్పెల్లింగు ఉండదు. పైదాన్నే తీసుకుంటే `kolanugattu`, `kolanu gattu`, `kolanughattu`, `kolanugatu`, `kolnugattu` ఇవన్నీ ఒక్కొక్కటిగా కొట్టాలి. `Contains` పెట్టి `kolan` అని సగం మాట కూడా కొట్టాలి. `Phonetic` కూడా చూడండి, కానీ దాని మీదే ఆధారపడకండి. మన దీర్ఘాలు, వత్తులు రాసే తీరు మనిషికొక రకం, అది అన్నిటినీ పట్టుకోదు. క్లాస్ 3తో ఆగకుండా మందుల క్లాస్ 5, దుకాణాల 35 కూడా చూడండి.

డాలస్_లావణ్య · మంగళవారం రాత్రి 11:40

నమస్తే. నేను ఇక్కడ ఎట్సీలో బాడీ బట్టర్లు అమ్ముతాను, హైదరాబాదులో అక్క అదే పేరుతో చేస్తుంది. అక్క ఇండియాలో రిజిస్టర్ చేస్తే నాకు ఇక్కడ సరిపోతుందా?

చెన్నై_దారి · బుధవారం ఉదయం 6:50

సరిపోదండీ, ఏ దేశానిది ఆ దేశానికే. అక్కగారు ఇక్కడ వేసిన ఆరు నెలల్లోపు అక్కగారి పేరునే అక్కడా వేస్తే ఇక్కడి తేదీనే అక్కడా లెక్కలోకి తెచ్చుకోవచ్చు. అక్కడి మామూలు ఫీజు 2025 జనవరి నుంచి క్లాసుకి 350 డాలర్లు. దరఖాస్తు మీ పేరునా అక్క పేరునా అన్నది ముందే తేల్చుకుని కాగితం రాసుకోండి. ఇద్దరూ చెరో దేశంలో చెరో పేరున వేసుకుంటే రేపు బ్రాండ్ అమ్మాలన్నా, పెట్టుబడి తేవాలన్నా చిక్కే.

ల్యాబ్_పంతులు · బుధవారం ఉదయం 9:10

గోదారిగారూ, ట్రేడ్‌మార్కు నా పని కాదు. కాస్మెటిక్స్ లైసెన్సు వైపు నుంచి ఒక మాట. మీరు లైసెన్సు ఎప్పుడు తీసుకున్నారు?

గోదారి_సబ్బులు · బుధవారం ఉదయం 9:34

2023 మార్చిలో వచ్చిందండీ, సొంత యూనిట్‌కే. అంతకుముందు ఇంట్లో చేసేవాళ్లం.

ల్యాబ్_పంతులు · బుధవారం ఉదయం 10:05

అదే నా అనుమానం. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం సబ్బైనా నూనైనా అమ్మకానికి చేయాలంటే కాస్-8 లైసెన్సు కావాలి. వేరేవాళ్ల యూనిట్‌లో చేయించుకుంటే కాస్-9. లేబుల్ మీద M అక్షరం తర్వాత ఆ నంబరు, B తర్వాత బ్యాచ్ నంబరు ఉండాలి, సబ్బుకైతే బ్యాచ్ నంబరు బదులు తయారైన నెల, సంవత్సరం. "ఇంట్లో చేసింది" అన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

ఇప్పుడు మీరు కొత్త దరఖాస్తులో "2021 అక్టోబరు నుంచి వాడుతున్నాం" అని అఫిడవిట్ ఇస్తే, 17 నెలలు లైసెన్సు లేకుండా చేశామని ప్రమాణం చేసి రాసిచ్చినట్టే. ఆ కాగితం ఎవరైనా చూడొచ్చని పైన చెన్నై_దారిగారే చెప్పారు. పోటీ వాళ్లు డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి పంపితే? నన్నడిగితే 2023 మార్చి నుంచే అని రాయండి.

చెన్నై_దారి · బుధవారం మధ్యాహ్నం 12:30

పంతులుగారు మంచి చోట ఆపారు. నేను దీన్ని ఇంత దూరం ఆలోచించలేదు.

కానీ పూర్తిగా ఒప్పుకోలేను. అఫిడవిట్‌లో మొదటి వాడకం తేదీ అంటే మొదటి వాడకం తేదీయే. 2021లో అమ్మి, 2023లో మొదలుపెట్టామని ప్రమాణం చేస్తే, 2021 నాటి ఇన్‌స్టా పోస్టు ఒక్కటి బయటికొచ్చినా అఫిడవిట్ మొత్తం మీద నమ్మకం పోతుంది. ఇంకోవైపు, చట్టానికి విరుద్ధంగా జరిగిన అమ్మకం మీద హక్కు కట్టుకోవచ్చా అని అవతలివాళ్లు అడగకా మానరు.

ఈ కేసులో అదృష్టవశాత్తూ ఆ ముడి విప్పాల్సిన పని లేదు. కొత్త పేరు ఇంకా వాడలేదు కాబట్టి దానికి `Proposed to be used` నిజమైన సమాధానం, అఫిడవిట్ అక్కర్లేదు. పాత దరఖాస్తులో ఆ తప్పు అలాగే ఉండనివ్వడమే మేలు. తేదీ మార్చమని టీఎం-ఎం వేసినా ఒప్పుకుంటారన్న ఆశ పెట్టుకోవద్దు. పైగా 2021 అయినా 2023 అయినా 2015 ముందు పనికిరాదు.

ల్యాబ్_పంతులు · బుధవారం మధ్యాహ్నం 12:48

అబద్ధం ప్రమాణం చేయమని నా ఉద్దేశం కాదు. లైసెన్సు వచ్చాక జరిగిన అమ్మకాలనే ఆధారంగా చూపడం వేరు, అంతకుముందు లేదనడం వేరు. ఆ తేడా ఎలా రాయాలో లాయరు చెప్పాలి. నా భయం మాత్రం తీరలేదు.

గోదారి_సబ్బులు · బుధవారం రాత్రి 8:15

చాలా స్పష్టత వచ్చిందండీ. కొత్త పేరు ఒకటి ఇంట్లో అనుకున్నాం, స్పెల్లింగులన్నీ మార్చి మార్చి వెతికాం, మూడు క్లాసుల్లోనూ దగ్గరిది కనిపించలేదు. ఇంకో రెండు అడుగుతాను. కొత్త పేరుకి రేపటి కోసం ఆధారాలు ఇప్పటి నుంచి ఎలా దాచాలి? పేరుని ఇంగ్లీషులో వేయాలా తెలుగులోనా, లోగోగానా?

చెన్నై_దారి · బుధవారం రాత్రి 9:40

ఆధారాల దగ్గర చిన్న సరుకువాళ్లందరూ ఒకే పొరపాటు చేస్తారు. బిల్లు తీసి చూడండి. "హ్యాండ్‌మేడ్ సోప్ 100 గ్రా., 4 పీసులు" అని ఉంటుంది, పైన ప్రొప్రైటరు పేరు ఉంటుంది. బ్రాండ్ పేరు ఎక్కడా ఉండదు. అలాంటి బిల్లులు వెయ్యి తెచ్చినా ఆ పేరుతో అమ్మినట్టు రుజువు కాదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లూ అంతే, డబ్బు వచ్చిందని చెప్తాయి, దేనికొచ్చిందో చెప్పవు. రేపటి నుంచి ప్రతి బిల్లులో సరుకు వరసలోనే బ్రాండ్ పేరు రాయండి.

నాకు బాగా నచ్చే ఆధారం లేబుల్ ప్రింటరు ఇచ్చే బిల్లు. "ఫలానా పేరు లేబుళ్లు, 2,000" అని తేదీతో రాయించుకుని, ఆ లాట్‌లో ఒక లేబుల్ దానికే పిన్ను చేసి పెట్టండి. మీరు సొంతంగా తయారుచేసిన కాగితం కాదు కాబట్టి దాన్ని కొట్టిపారేయడం కష్టం.

ఇక రూపం. మొదటి 4,500 ఉత్త అక్షరాల మార్కుకే పెట్టండి, లోగో తర్వాత చూసుకోవచ్చు. లోగో రెండేళ్లకోసారి మారుతుంది, అక్షరాలు మారవు. నేనైతే ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తాను. వినడానికి ఒకటే అయితే తెలుగు లిపిలో కాపీ కొట్టినవాళ్ల మీదా వాదించుకోవచ్చు.

మార్కెట్_మూర్తి · బుధవారం రాత్రి 10:10

ఇక్కడ నేను మీతో విభేదిస్తున్నాను. వారి డబ్బా మీద పేరు ఏ లిపిలో ఉంటే ఆ లిపిలోనే వేయాలి. ఐదేళ్లు వాడలేదని చూపించి మార్కు తీయించేయమని సెక్షన్ 47 కింద ఎవరైనా అడగొచ్చు కదా? రిజిస్టరులో ఇంగ్లీషు, డబ్బా మీద తెలుగు ఉంటే, వాడలేదనరూ?

చెన్నై_దారి · బుధవారం రాత్రి 10:35

అది సరైన ప్రశ్నే మూర్తిగారూ. నేను డబ్బా మీద రెండు లిపుల్లోనూ పేరు ఉంటుందనుకుని చెప్పాను. తెలుగు ఒక్కటే పెద్దగా వేసి ఇంగ్లీషు అసలు వేయకపోతే మీరన్న ఇబ్బంది ఉంటుంది. అమెజాన్ బ్రాండ్ రిజిస్ట్రీలోనూ ప్యాకెట్టు మీది పేరు, దరఖాస్తులోని పేరు కలవాలి. రెండూ వేసుకోగలిగితే 9,000 అవుతుంది. తెలుగు లిపిలో వేసేటప్పుడు ఆ మాట ఉచ్చారణ, అర్థం దరఖాస్తులో రాయాలి, లేకపోతే `Formalities Chk Fail` అని ఆగుతుంది.

గోదారి_సబ్బులు · శనివారం సాయంత్రం 5:20

డబ్బా మీద రెండు లిపులూ పెడుతున్నాం. కొత్త పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఈరోజు వేశాం. పాత దానికి జవాబు కూడా మార్చి రాయించాను, పోలిక లేదన్న మాట తీసేసి, నలుగు అనే మాట మీద ప్రత్యేక హక్కు కోరడం లేదని పెట్టారు. సున్నిపిండి తీసేయాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, మా వారు ఉంచమంటున్నారు.

ఇంతలో ఒక ఫోన్ వచ్చింది. "కొత్త దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేయాలంటే 6,500 కట్టాలి" అంటున్నారు. నా అప్లికేషన్ నంబరు, చిరునామా అన్నీ సరిగ్గా చెప్పారు. కట్టాలా?

చెన్నై_దారి · శనివారం సాయంత్రం 5:32

కట్టకండి. జర్నల్‌లో వేయడానికి గానీ సర్టిఫికెట్‌కి గానీ విడిగా ఫీజు లేదు, వేసేటప్పుడు కట్టిన 4,500లోనే అంతా ఉంది. మీ నంబరు, చిరునామా వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి, అక్కడి నుంచే తీసుకుంటారు.

ఇంకో పని ఈరోజే చేయండి. రెండు దరఖాస్తుల్లోనూ నోటీసులు వెళ్లే మెయిల్ ఎవరిదో చూడండి. ఏజెంటుది ఒక్కటే ఉంటే ప్రతి సోమవారం మీరే నంబరు కొట్టి స్టేటస్ చూసుకోవాలి. జర్నల్‌లో పడ్డాక నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. వేస్తే ఆ నోటీసు అందిన రెండు నెలల్లో మీ జవాబు చేరాలి. చేరకపోతే వాళ్ల వాదనలో పస ఉందా లేదా అని కూడా చూడరు, దరఖాస్తు వదిలేసినట్టు రాసేస్తారు.

గోదారి_సబ్బులు · శనివారం సాయంత్రం 5:50

చూశాను. రెండింట్లోనూ ఏజెంటు మెయిలే ఉంది. సోమవారం ఫోన్ చేసి నాది కూడా చేర్పిస్తాను.

ల్యాబ్_పంతులు · శనివారం రాత్రి 7:15

కొత్త పేరుతో లేబుళ్లు అచ్చు వేయించేముందు ఒక్కసారి లైసెన్సు తీసి చూసుకోండమ్మా. అందులో సరుకులు ఏ పేర్లతో నమోదై ఉన్నాయి? పాత బ్రాండ్ పేరుతో ఉంటే డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసులో అడిగాకే ప్రింటరుకి ఇవ్వండి.

గోదారి_సబ్బులు · శనివారం రాత్రి 7:28

సున్నిపిండి ఒక్కటి పాత పేరుతోనే ఉందండీ. మంచి పని చేశారు, సోమవారం ఆర్డరు ఇద్దామనుకున్నాం. ఆపేశాను.